ఆ పోస్టు ఇంకా ఉందా, మేడమ్?

అక్టోబరు మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, కొంప మునిగింది. వాళ్ళు హైరింగ్ ఫ్రీజ్ అని ప్రకటించారు" అన్నాడు. వాళ్ళంటే ఒక అమెరికన్ బీమా కంపెనీ. దాని హైదరాబాదు ఆఫీసులో డేటా ఇంజినీర్ పోస్టుకు మావాడు నాలుగు రౌండ్లు గట్టెక్కాడు. సెప్టెంబరు 16న చివరి ఇంటర్వ్యూ అయింది. 24న హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసి జీతం మాట్లాడింది. మూడు నెలల పేస్లిప్పులు, పాత కంపెనీ ఇచ్చిన రిలీవింగ్ లెటరు అప్‌లోడ్ చేయించుకుంది. ఆఫర్ లెటరు వారంలో వస్తుందని చెప్పింది. ఆ వారం గడిచింది, వచ్చింది లెటరు కాదు, వార్త.

నేను అడిగిన మొదటి మాట ఒక్కటే. "పేపర్లు పెట్టావా?"

"లేదు మామయ్యా. లెటరు వచ్చాక పెడదామని ఆగాను."

అప్పుడు నాకు ఊపిరి ఆడింది. ఇరవై ఏళ్ళు నియామకాల విభాగంలో పనిచేసినవాణ్ణి. ఫోనులో జీతం ఖాయమైందని ఉన్న ఉద్యోగానికి రాజీనామా చేసి, తొంభై రోజుల నోటీసు సగంలో ఉండగా అవతలి తలుపు మూసుకుపోయినవాళ్ళను చూశాను. మావాడి దగ్గర ఉద్యోగం ఉంది కాబట్టి మిగతాదంతా తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

అయితే వాడు అప్పటికే ఒక పని చేసేశాడు. వార్త చూసిన పది నిమిషాల్లో ఆ మేడమ్‌కి ఫోన్ చేసి, "ఆ పోస్టు ఇంకా ఉందా, మేడమ్?" అని అడిగాడు. ఆవిడ "ప్రస్తుతానికి హోల్డ్‌లో ఉందండీ, మేమే మీకు చెప్తాం" అంది. వాడికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడకూ ఏమీ తెలియదు. ప్రకటన వచ్చిన రోజు ఏ పోస్టులు ఉంటాయో, ఏవి పోతాయో రిక్రూటర్లకు తెలియడం చాలా అరుదు. చాలాసార్లు వాళ్ళు కూడా ఆ వార్తను మనతోపాటే చదువుతారు. ఆ తరువాత వారం పది రోజులు ప్రతి విభాగం వాళ్ళూ కూర్చుని ఏది అత్యవసరం, ఏది ఆపొచ్చు అని జాబితాలు రాసి ఫైనాన్స్ వాళ్ళకు పంపుతారు. ఆ జాబితా తేలకముందు అడిగితే ఎవరైనా "హోల్డ్" అనే అంటారు. అందుకే ప్రకటన తరువాత ఏడెనిమిది పనిదినాలు ఆగి అడగమంటాను.

అసలు చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. మనం "పోస్టు" అని ఒక్క మాట వాడతాం. కంపెనీ లోపల అది మూడు వేరు వేరు వస్తువులు. మొదటిది వెబ్‌సైటులో కనిపించే ప్రకటన. రెండోది ఆ ప్రకటన వెనక ఉండే రెక్విజిషన్, అంటే ఒక మనిషిని తీసుకోవడానికి పుట్టించిన నంబరు. మూడోది ఆ నంబరుకు జీతం ఇవ్వడానికి ఫైనాన్స్ ఒప్పుకున్న డబ్బు, వాళ్ళ భాషలో హెడ్‌కౌంట్. ఫ్రీజ్ వచ్చిందంటే మొట్టమొదట ఆగేది మూడోది. రెండోదాన్ని హోల్డ్‌లో పెడతారు, లేదా రద్దు చేస్తారు. మొదటిదాన్ని తీసెయ్యాలని చాలాచోట్ల ఎవరికీ తోచదు. అది ఎవరి పనో కూడా తేలదు. పైగా ఉద్యోగాల సైట్లు ఆ ప్రకటనను నకలు చేసుకుని ఉంటాయి, అసలుది పోయినా నకళ్ళు తిరుగుతుంటాయి. కాబట్టి మావాడు రోజూ రాత్రి పడుకునే ముందు కంపెనీ సైటు తెరిచి "ఇంకా కనబడుతోంది మామయ్యా" అని సంబరపడటంలో అర్థం లేదు. దరఖాస్తు ఖాతాలో "పరిశీలనలో ఉంది" అని కనిపించినా అంతే. నంబరును రద్దు చేసినప్పుడే తిరస్కరణ మెయిళ్ళు వెళ్తాయి. హోల్డ్‌లో పెడితే అభ్యర్థి తెర మీద ఒక్క అక్షరం మారదు.

ప్రకటన ఎంతకాలం ఉందన్నది పక్కన పెట్టి, ఫ్రీజ్ ఎక్కడ గీత గీసిందో చూడాలి. అన్ని ఫ్రీజులూ ఒక్క రకం కాదు. 2022లో టెక్ కంపెనీలు వరసగా నియామకాలు ఆపినప్పుడు ఈ తేడా బాగా బయటపడింది. ఆ జులైలో గూగుల్ రెండు వారాలు నియామకాలు నిలిపింది. అప్పటికే ఇచ్చిన ఆఫర్లు చెల్లుతాయని, కొత్త ఆఫర్లు మాత్రం ఇవ్వబోమని ఉద్యోగులకు చెప్పింది. అంటే గీత ఆఫర్ లెటరు దగ్గర పడింది. దానికి నెల ముందు, జూన్‌లో, క్రిప్టో కంపెనీ కాయిన్‌బేస్ ఇంకా ముందుకెళ్ళి, అభ్యర్థులు అంగీకరించిన ఆఫర్లను కూడా కొన్నింటిని వెనక్కి తీసుకుంది. వాళ్ళలో రాజీనామా చేసినవాళ్ళు కూడా ఉన్నారు. నవంబరులో అమెజాన్ ఆపింది కార్పొరేట్ విభాగాల్లో అదనపు నియామకాలను. వెళ్ళిపోయినవాళ్ళ స్థానాలను వ్యాపారాన్ని బట్టి భర్తీ చేస్తామని అదే ప్రకటనలో ఉంది. చూడండి, మూడు కంపెనీలూ వాడిన మాట దాదాపు ఒకటే. అందులో ఇరుక్కున్న మనిషి గతి మాత్రం మూడు రకాలు.

అందుకని నేను మావాడిని కూర్చోబెట్టి ప్రకటన మొత్తం చదివించాను. వార్తాపత్రికలో వచ్చింది కాదు, కంపెనీ తన మాటల్లో చెప్పింది. అందులో రెండు సంగతులు వెతకమన్నాను. ఇచ్చిన ఆఫర్ల గురించి ఏమన్నారు, ఖాళీ అయిన స్థానాల గురించి ఏమన్నారు. మొదటిదానికి జవాబు ఉంది, లెటర్లు అందుకున్నవాళ్ళకు ఇబ్బంది లేదని. రెండోదాని ఊసు లేదు. మావాడు సరిగ్గా గీతకు అవతల పడ్డాడు. ఫోనులో జీతం ఖాయమైంది, కాగితాలు తీసుకున్నారు. అవి ఆఫర్ కాదు. ఆఫర్ ఆమోదం అని ఒక మెట్టు ఉంటుంది. జీతం, గ్రేడు, నంబరు అన్నీ ఒక ఫారంలో పెట్టి పైవాళ్ళ సంతకాలకు పంపుతారు. వాడిది ఆ సంతకాల దగ్గరే ఆగింది.

పదో రోజున మెయిల్ రాయడానికి కూర్చున్నాం. వాడి మొదటి చిత్తుప్రతి ఒకటిన్నర పేజీ వచ్చింది. ఇంటి లోను ఉంది, నాన్నకు ఒంట్లో బాగోలేదు, ఈ కంపెనీలో పనిచేయడం తన కల, ఈ పోస్టు లేకపోతే ఇంకేదైనా పర్లేదు అని రాశాడు. చదివితే నాకే జాలేసింది. కానీ ఆ రిక్రూటర్ చేతిలో లోను తీర్చే అధికారం లేదు. ఏ పోస్టైనా పర్లేదంటే ఈ పోస్టు మీద పట్టు వదిలేసినట్టే. అదంతా కొట్టేశాం. మెయిల్ వెళ్ళింది ఇంగ్లీషులోనే. దాని సారం తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"నమస్కారం మేడమ్. డేటా ఇంజినీర్ పోస్టుకు (రెక్విజిషన్ నంబరు ఫలానా) సెప్టెంబరు 16న నా చివరి రౌండు అయింది. 24న జీతం మాట్లాడుకున్నాం. నియామకాలు నిలిపిన ప్రకటన చూశాను. ఇప్పుడు మీ చేతిలో లేనివి చాలా ఉంటాయని తెలుసు. మూడు విషయాలు తెలిస్తే నా ఏర్పాట్లు నేను చూసుకుంటాను. ఈ నంబరు హోల్డ్‌లో ఉందా, రద్దయిందా? హోల్డ్‌లో ఉంటే మళ్ళీ ఎప్పుడు పరిశీలిస్తారు? తిరిగి తెరిస్తే నేను పూర్తిచేసిన రౌండ్లు చెల్లుతాయా? నేను ఇంకా రాజీనామా చేయలేదు, లెటరు అందాకే చేస్తాను. ఈ పని మీద నా ఆసక్తి అలాగే ఉంది."

నంబరు రాయడం చాదస్తం కాదు. ఆ రిక్రూటర్ దగ్గర ఒకే పేరుతో నాలుగైదు పోస్టులు ఉండొచ్చు. నంబరు ఉంటే సిస్టంలో కొట్టి చూసి చెప్తుంది. లేకపోతే అందరికీ పంపే మూస జవాబే మనకూ పంపుతుంది. ఆ నంబరు దరఖాస్తు చేసినప్పుడు వచ్చిన మొదటి మెయిల్‌లో దొరుకుతుంది, ప్రకటన తీసేశాక మళ్ళీ దొరకదు. "ఉందా" అని అడగకుండా "హోల్డా, రద్దా" అని అడగడానికి కారణం కూడా అదే. "ఉందా" అంటే మర్యాదకొద్దీ "ఉందండీ" అనేస్తారు. హోల్డో రద్దో అన్నది సిస్టంలో ఉన్న సమాచారం. దాని గురించి అబద్ధం చెప్పడానికి చాలామందికి మనసొప్పదు.

మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేది అదే. హోల్డ్ నుంచి బయటికొచ్చిన నంబరు అదే నంబరైతే, చేసిన ఇంటర్వ్యూలు దానికి అతుక్కుని ఉంటాయి. పాతది రద్దు చేసి కొత్త నంబరు తెరిస్తే, అదే టీము, అదే పని అయినా, సిస్టం దృష్టిలో మనం ఎవరమో. మేనేజరు గుర్తుపెట్టుకుని అడిగితే ఒక రౌండుతో సరిపెట్టొచ్చు. లేకపోతే మొదటికి వస్తుంది.

రెండు రోజులకు జవాబు వచ్చింది. "పోస్టు హోల్డ్‌లో ఉంది. కొత్త ఏడాది బడ్జెట్ తరువాత స్పష్టత వస్తుందనుకుంటున్నాం. మీ ప్రొఫైల్‌ను యాక్టివ్‌గా ఉంచుతాం." మావాడు మూడో వాక్యం చూసి మురిసిపోయాడు. అది మూడింటిలోనూ విలువ లేని వాక్యం. దానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు, ఎవరికైనా రాయొచ్చు. పనికొచ్చింది మొదటి రెండు. రద్దు కాలేదు, జనవరి దాకా కదలదు. మూడో ప్రశ్నకు జవాబే రాలేదు, అంటే ఆవిడకు తెలియదు, లేదా చెప్పలేదు. అది కూడా సమాచారమే.

బడ్జెట్ తేదీ తెలిస్తే ఎప్పుడు మళ్ళీ అడగాలో కూడా తెలుస్తుంది. మన కంపెనీల లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. చాలా అమెరికన్ కంపెనీలది జనవరి నుంచి డిసెంబరు దాకా, మైక్రోసాఫ్ట్ లాంటివి జులైలో మొదలుపెడతాయి. ఆ తేదీకి ముందు వారం వారం "ఏమైనా తెలిసిందా" అని అడిగితే రిక్రూటర్‌కు విసుగు తప్ప మనకు ఒరిగేది లేదు.

ఇక మేనేజరు. చివరి రౌండులో మాట్లాడినాయనకు రెండు వాక్యాల సందేశం పంపమన్నాను. రిక్రూటర్‌ను తోసిరాజని ఆయన్ని పీడించమని కాదు. ఒక్కటే తెలుసుకోవాలి. ఇది ఎవరైనా వెళ్ళిపోతే వచ్చిన ఖాళీనా, కొత్తగా అడిగిన స్థానమా? ఖాళీ అయితే ఆ జీతం గతేడాది లెక్కలో ఉంది, పని ఆగిపోతోంది, మేనేజరు గట్టిగా పోరాడతాడు. కొత్త స్థానమైతే ముందుగా వేటు పడేది దానిమీదే. నిజానికి ఇది ఇంటర్వ్యూలోనే అడగాల్సిన మాట, "ఈ స్థానం ఎలా వచ్చిందండీ" అని. అప్పుడు మామూలు ప్రశ్నలా ఉంటుంది. ఆయన మర్యాదస్తుడు, ఉన్నమాట రాశాడు. కొత్తవి రెండు అడిగారట, బహుశా ఒకటి మిగలొచ్చట, అది ఏదో తెలియదట.

నా తీర్పు అప్పుడే చెప్పేశాను. "ఇది పోయిందనుకుని వేరేవి చూసుకో. వస్తే వస్తుంది." వాడికి నచ్చలేదు. అప్పటికే ఒక కన్సల్టెన్సీ కుర్రాడు "సార్, పోస్టు ఓపెన్‌గానే ఉంది, రెండు వారాలు ఆగండి" అని ఫోనులో ఊరిస్తున్నాడు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. కన్సల్టెన్సీకి డబ్బు వచ్చేది మనం చేరాకే, మన దేశంలో మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. మనం వేరేచోట చేరితే అది పోతుంది. అలాంటి మనిషి "ఉంది" అంటే దాన్ని వాతావరణ సూచనలా వినాలి.

అమెరికాలో చదువు ముగించి ఓపీటీ మీద ఉన్న మనవాళ్ళకైతే ఈ ఎదురుచూపు ఇంకా ఖరీదు. వాళ్ళకు ఉద్యోగం లేకుండా ఉండటానికి మొత్తం 90 రోజులే గడువు, స్టెమ్ పొడిగింపు వస్తే అన్నీ కలిపి 150. హోల్డ్‌లో ఉన్న పోస్టు కోసం ఎదురుచూసే ప్రతి రోజూ ఆ లెక్కలోకే పోతుంది. ఆఫర్ లెటరు చేతిలో ఉన్నా, పనిలో చేరేదాకా ఆ లెక్క ఆగదు. హెచ్‌1బి మీద పనిచేస్తూ ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళకు గరిష్ఠంగా 60 రోజులు. వాళ్ళు రెండో ప్రశ్నను ఇంకా సూటిగా అడగాలి. "ఫలానా తేదీలోగా చేరే అవకాశం ఉందా, లేదా?" గడువు చెప్పడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ తేదీ వాళ్ళకు తెలిస్తేనే నిజం చెప్పగలుగుతారు.

లెటరు అందినవాళ్ళ పరిస్థితి వేరు, దాని గురించి కొంచెం. లెటరు ఉంది కదా అని పేపర్లు పెట్టేముందు, ఫ్రీజ్ వార్త తరువాతి తేదీతో ఒక మెయిల్ తెప్పించుకోవాలి, "మీ చేరిక తేదీ మారలేదు" అని. పాత లెటరులో చాలావరకు కంపెనీ తన అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇప్పటికే పేపర్లు పెట్టేసి ఉంటే ప్రస్తుత కంపెనీలో మేనేజరును ఆ రోజే కలవాలి. రాజీనామా వెనక్కి తీసుకోవడానికి వాళ్ళు ఒప్పుకునే అవకాశం మన స్థానంలో ఇంకొకరిని ఖాయం చేయకముందే ఎక్కువ. అవతల ఏమవుతుందో చూద్దామని నెల ఆగితే ఇవతల మనిషిని తీసేసుకుంటారు. మొహమాటపడి ఆ నెల పోగొట్టుకున్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు.

మావాడి కథకు వస్తే, డిసెంబరు మొదటి వారంలో వాడికి ఒక మందుల కంపెనీ నుంచి ఆఫర్ లెటరు వచ్చింది. జీతం కొంచెం తక్కువ. 12వ తేదీలోగా చెప్పమన్నారు. అప్పుడు రెండో మెయిల్ పంపాం, మూడు వాక్యాలు. మరో ఆఫర్ ఉంది, 12లోగా జవాబివ్వాలి, మీ దగ్గర ఆలోగా తేలే వీలుంటే మీకే మొదటి ప్రాధాన్యం. నిజమైన గడువుకు విలువ ఉంటుంది. దాన్ని చూపించి మేనేజరు "ఈ మనిషి చేజారిపోతాడు, మినహాయింపు ఇవ్వండి" అని పైకి రాయగలడు. లేని ఆఫర్ ఉందని బెదిరిస్తే మాత్రం వాళ్ళు "అయితే తీసుకోండి" అంటారు, అక్కడితో మన పేరు జాబితాలోంచి పోతుంది.

ఈసారి ఆవిడ మెయిల్ రాయలేదు, ఫోన్ చేసింది. రిక్రూటర్లు రాతలో చెప్పలేనిది నోటితో చెప్తారు. "మీకొచ్చింది తీసుకోండి. జనవరిలో తెరుస్తారో లేదో నాకు తెలియదు. నా కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుతో అయిపోతోంది" అంది. నియామకాలు ఆగితే నియమించేవాళ్ళతో పనేముంది? ఫ్రీజ్ తరువాత తొలి కోతల్లో పోయేది తరచూ వాళ్ళే. మనకు జవాబు రాలేదని తిట్టుకునేముందు అవతలి మనిషి అక్కడ ఉందో లేదో చూసుకోవాలి. మెయిల్ వెనక్కి వస్తే మేనేజరును అడగడమే దారి. మావాడు 11న మందుల కంపెనీకి సరేనన్నాడు, అదే రోజు రాజీనామా చేశాడు.

జనవరిలో పాత నంబరు రద్దయింది. తిరస్కరణ మెయిల్ రాత్రి రెండు గంటలకు వచ్చింది, మనిషి పంపింది కాదు. మార్చిలో అదే టీములో కొత్త నంబరుతో ఒక పోస్టు పడింది, గ్రేడు ఒకటి కింద. కొత్త రిక్రూటర్ ఎవరో మావాడికి ఫోన్ చేసి, ఆసక్తి ఉంటే మొదటి రౌండుకు తేదీ చెప్పమన్నాడు. సెప్టెంబరులో నాలుగు రౌండ్లు అయ్యాయని చెబితే, "అవి సిస్టంలో కనబడటం లేదండీ" అన్నాడు. అప్పటికి మావాడు కొత్తచోట చేరి వారం రోజులైంది.

ఆ పాత ప్రకటన మాత్రం ఒక ఉద్యోగాల సైటులో మే నెల దాకా అలాగే ఉంది. దాని కింద దరఖాస్తు చేసుకున్నవాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది.